కేకు కోసి మరీ పీకేశారు

మాద్రిద్‌లో నేను ఉండేది ఒక డెబ్బై ఏళ్ల పెద్దావిడ ఇంట్లో, ఒక గది అద్దెకు తీసుకుని. నెల రోజుల సెలవు మీద మా ఊరు బయల్దేరుతున్నానని ఆ రోజు ఆఫీసులో అందరూ కేకు కోసి వీడ్కోలు చెప్పారు. ఆ ముచ్చట ఇంటికొచ్చి ఆవిడకు స్పానిష్‌లో చెప్పబోవడం నా పొరపాటు.

అప్పటికి నాకు కాస్త ధీమా ఉండేది. క్రియ చివర 'సె' చేరితే మన 'కొను' చేరినట్టేనని కనిపెట్టాను మరి. లబార్ కడగడం, లబార్సె కడుక్కోవడం. పొనేర్ పెట్టడం, పొనేర్సె పెట్టుకోవడం. టోపీ పెట్టడానికీ పెట్టుకోవడానికీ తేడా తెలిసినవాళ్లం, మనకిదో లెక్కా! పైగా, నా గురించి చెప్పేటప్పుడు ఆ 'సె' కాస్తా 'మె' అవుతుందని కూడా తెలుసు.

అందుకే గుర్తుపెట్టుకుని మరీ 'మె' తగిలించాను. "మె దెస్పిద్యేరోన్ తోదోస్, కోన్ ఉన తార్త!"

ఆవిడ చేతిలో గరిటె పప్పులోకి జారిపోయింది. "కేకు కూడానా? దుర్మార్గులు!" అంటూ నన్ను కుర్చీలో కూలేసింది.

దెస్పెదీర్ అంటే సాగనంపడం అనే అర్థం ఉన్నా, ఆఫీసు మాటెత్తితే మాత్రం ఉద్యోగంలోంచి తీసెయ్యడమే. ఒకరి దగ్గర వీడ్కోలు తీసుకోవడమంటే దెస్పెదీర్సె. నా వాక్యంలో 'మె' ఉంది సరే, కానీ క్రియేమో 'వాళ్లు' చేసిన పని చెబుతోంది. కర్త ఎవరో ఆ ముక్కా వాళ్లదే అయితేనే అది 'కొను'. లేకపోతే ఉత్త 'నన్ను'. అంటే నేను చెప్పింది: అందరూ కలిసి నన్ను పీకేశారు, కేకు కోసి.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ఈలోగా మూడో అంతస్తు పెద్దాయన వచ్చేశాడు. లాయరు దగ్గర గుమాస్తాగా చేసినాయన. "కోర్టుకెళ్లాలంటే 20 పనిదినాలే గడువు. కాగితం మీద సంతకం పెట్టావా?" అని నిలదీశాడు.

ఎక్కడో తేడా కొట్టిందని అర్థమైంది. 'మె' వల్లే గొడవనుకుని దాన్ని పీకేసి, కర్తను మార్చి అరిచాను. "నో, నో! యో దెస్పెదీ అ తోదోస్!"

నేనే అందర్నీ తీసేశాను!

పెద్దావిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. ఇక లాభం లేదని సూట్‌కేసు ఎత్తి చూపించి, చెయ్యి ఊపి, "ఆదియోస్, ఆదియోస్" అన్నాను.

"ఆ! సె దెస్పిద్యేరోన్ దె తి!" అని ఆవిడ నవ్వింది. వాళ్లకి 'సె', నా ముందు ఒక 'దె'. అంతే తేడా!

కథ సుఖాంతమైన సంగతి మూడో అంతస్తుకు చేరినట్టు లేదు. నెల తర్వాత తిరిగొస్తే పెద్దాయన లిఫ్టులో భుజం తట్టి, "ఏమైనా దొరికిందా, నాయనా?" అన్నాడు.

మళ్లీ వ్యాకరణం జోలికి వెళ్లే ఓపిక లేక, దొరికిందన్నాను. "ఎక్కడ?" అన్నాడు.

"ఆ ఆఫీసులోనే."