డిస్కౌంట్ స్టిక్కర్ ఆఖరి రోజు దాకా ఆగితే నష్టమే

‘ముందొచ్చిన సరుకు ముందు అమ్మాలి’ అన్న సూత్రం తెలియని స్టోర్ మేనేజర్ ఉండరు. కొత్తగా చేరిన కుర్రాడికి మొదటిరోజే నేర్పేదీ అదే: పాతది ముందుకు జరుపు, కొత్తది వెనక పెట్టు. అయినా పాలు, పెరుగు, బ్రెడ్ లాంటి సరుకు రోజూ ఎంతో కొంత చెత్తబుట్టలోకి పోతూనే ఉంటుంది. సూత్రం పాటించకపోవడం వల్లే ఇలా జరుగుతోందని చాలామంది అనుకుంటారు. అది కొంతవరకే నిజం. చక్కగా పాటించే చోట కూడా సరుకు పోతోందంటే, ధర ఎప్పుడు తగ్గించాలన్న లెక్క ఎవరూ వేయడం లేదన్నమాట.

ముందుగా ఆ సూత్రంలోనే ఉన్న లోటు చూద్దాం. వచ్చిన వరుస, గడువు ముగిసే వరుస ఎప్పుడూ ఒకటే కావు. సరఫరాదారు గోడౌన్‌లో మూలన పడి ఉన్న పాత బ్యాచ్ ఈరోజు రావచ్చు, నిన్న దిగింది దానికంటే తాజాది కావచ్చు. అలాంటప్పుడు ‘ముందొచ్చింది ముందు’ అని నిన్నటిది అమ్ముకుంటూ పోతే, ఈరోజు వచ్చింది వెనక వరుసలోనే గడువు దాటిపోతుంది. అందుకే పాడైపోయే సరుకుకు చూడాల్సింది ఎక్స్‌పైరీ తేదీ. ఏది ముందు ముగుస్తుందో అది ముందు వెళ్లాలి. ఈ తనిఖీ సరుకు దించుకునేటప్పుడే జరగాలి. ఒక్కో బ్యాచ్‌కు ఇంకా ఎన్ని రోజులు మిగిలాయో చూసి, మరీ తక్కువుంటే అక్కడే వెనక్కి పంపాలి. బిల్లింగ్ కంప్యూటర్ ఈ పని చేసిపెడుతుందనుకోవడం పొరపాటు. మామూలు గీతల బార్‌కోడ్‌లో ఉండేది వస్తువు నంబరే, తేదీ ఉండదు. స్టాక్‌లో 48 పెరుగు కప్పులున్నాయని కంప్యూటర్ చెబుతుంది గానీ, అందులో ఎన్నింటికి గురువారంతో గడువు తీరుతుందో చెప్పలేదు. తేదీ, బ్యాచ్ కూడా పట్టే చదరపు కోడ్‌లు ఉన్నాయి. అవి అన్ని ప్యాకెట్ల మీదకీ వచ్చేదాకా షెల్ఫ్ దగ్గర నిలబడి మనిషే చూడాలి.

ఇక కొనేవాళ్ల సంగతి. తేదీ చూసి వెనక నుంచి చేయి పెట్టి తీసుకునేవాళ్లు ప్రతి చోటా ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం, ఒకే ధరకు తాజాది దొరుకుతుంటే పాతది ఎవరు తీసుకుంటారు? దీనికి తోడు, తలుపుల్లేని చల్లని షెల్ఫుల్లో ముందు వరుస వెనక వరుసకంటే కొన్ని డిగ్రీలు వేడిగా ఉంటుంది. అంటే మనం పద్ధతి ప్రకారం ముందుకు జరిపిన పాత సరుకు, అన్నిటికంటే వేడి చోటికి చేరుతోంది. ప్యాకెట్ మీద వేసిన తేదీ మాత్రం, చెప్పిన చల్లదనంలో ఉంచారన్న నమ్మకం మీద వేసింది. సరుకు ఇంతవరకే పెట్టాలని షెల్ఫ్‌లో గుర్తుగా వేసిన గీత దాటి కుక్కితే చల్లగాలి దారి మూసుకుపోయి పరిస్థితి ఇంకా పాడవుతుంది. పాత బ్యాచ్ తగ్గేదాకా కొత్తదాన్ని కోల్డ్ రూమ్‌లోనే ఉంచితే ఈ రెండు ఇబ్బందులూ చాలావరకు తగ్గుతాయి.

ఇప్పుడు అసలు లెక్క. పెరుగు కప్పుల బ్యాచ్ ఒకటి తీసుకుందాం. సోమవారం ఉదయం 48 కప్పులున్నాయి, గడువు గురువారంతో తీరుతుంది. ఈ బ్యాచ్‌లోంచి రోజుకు 8 పోతున్నాయి. అమ్మకం ధరను 100 అనుకుంటే కొన్న ధర 75. నాలుగు రోజులకు రోజుకు 8 చొప్పున 32 అమ్ముడై 16 మిగులుతాయి. ఇది తెలుసుకోవడానికి గురువారం దాకా ఆగక్కర్లేదు, ఒక గుణింతం చేస్తే సోమవారమే తెలిసిపోతుంది.

ఏమీ చేయకపోతే 32 కప్పులకు వచ్చేది 3,200. మొత్తం బ్యాచ్‌కు పెట్టిన ఖర్చు 3,600. కాబట్టి 400 నష్టం, 16 కప్పులు చెత్తలోకి.

చాలాచోట్ల చేసేది ఏమిటంటే, మూడు రోజులు పూర్తి ధరకు అమ్మి ఆఖరి రోజు సగం ధర స్టిక్కర్ వేస్తారు. మొదటి మూడు రోజుల్లో 24 పోతాయి, 2,400 వస్తుంది. గురువారం అమ్మకం రెట్టింపై 16 పోయాయనుకుందాం, దానికి 800. మొత్తం మళ్లీ 3,200! పారేసేవి 16 నుంచి 8కి తగ్గాయి, అది మంచిదే. కానీ స్టిక్కర్ శ్రమంతా పడ్డాక కూడా నష్టం అదే 400.

మూడో దారి చూడండి. మంగళవారం ఉదయమే 20 శాతం తగ్గించాలి. సోమవారం అమ్మిన 8కి 800 వచ్చింది. తర్వాత మూడు రోజులూ రోజుకు 12 పోతే, 36 కప్పులకు 80 చొప్పున 2,880. మొత్తం 3,680. ఖర్చు పోను 80 మిగిలింది, ఉన్నవి నాలుగే కప్పులు. వాటికి గురువారం సాయంత్రం సగం ధర పెడితే సరిపోతుంది. చిన్న తగ్గింపుకు అమ్మకం అంత పెరుగుతుందా అన్న అనుమానం న్యాయమైనదే. కానీ రోజుకు 8 నుంచి 10కి పెరిగినా చాలు, మొత్తం 3,200 అవుతుంది, అంటే ఆఖరి రోజు పద్ధతితో సమానం. పదికి మించి అమ్మిన ప్రతి కప్పూ లాభం వైపే. మూడు రోజులు చేతిలో ఉంటే చిన్న తగ్గింపు సరిపోతుంది, ఒక్క రోజే మిగిలితే పెద్ద తగ్గింపు కూడా చాలదు. నేను ముందే తగ్గించమనేది ఇందుకే.

దీనిమీద గట్టి అభ్యంతరం ఒకటుంది. పూర్తి ధరకు కొత్తది కొనేవాళ్లే చవకదాని వైపు మళ్లితే, పాతదాన్ని అమ్మి కొత్తదాన్ని మిగుల్చుకున్నట్టే కదా? నిజమే, అది జరుగుతుంది. అందుకే ఆ బ్యాచ్ అమ్మకాన్ని మాత్రమే కాకుండా ఆ వస్తువు మొత్తం అమ్మకాన్ని చూడాలి. రెండు బ్యాచ్‌లూ కలిపి అమ్మకం పెరగకపోతే, డిస్కౌంట్‌తో నష్టాన్ని వచ్చే వారానికి వాయిదా వేశామంతే. పైగా ప్రతి వారం ఒకే రోజు, ఒకే గంటకు స్టిక్కర్ పడితే జనం ఆ గంట కోసం కాచుకుని కూర్చుంటారు. మిగిలిన సరుకు లెక్కను బట్టి పడితే, లెక్క కుదిరిన వారం అసలు పడకపోతే, ఆ అలవాటు అంత తేలిగ్గా రాదు.

తేదీ ఏ రకందో కూడా చూడాలి. ‘ఈ తేదీలోపు వాడాలి’ అన్నది భద్రతకు సంబంధించినది. అది దాటాక ఎంత తగ్గించినా అమ్మకూడదు. ‘ఈ తేదీ వరకు నాణ్యంగా ఉంటుంది’ అన్నది రుచికి, తాజాదనానికి సంబంధించినది, అక్కడ ఏం చేయాలన్నది స్థానిక నిబంధనలను బట్టి ఉంటుంది. ఇక రాత్రి ఫ్రిజ్ గంటల తరబడి ఆగిపోయిందంటే తేదీల వరుసకు అర్థమే లేదు. ముందు తేల్చుకోవాల్సింది అందులోని సరుకు అసలు అమ్మడానికి పనికొస్తుందా లేదా అన్నదే, దానికి డిస్కౌంట్ జవాబు కాదు.

ఒకే వస్తువుకు మూడు వారాలు వరసగా మంగళవారం స్టిక్కర్ అవసరమైతే తప్పు ఆర్డర్‌లో ఉందన్నమాట. రోజుకు 8 అమ్మే చోటికి నాలుగు రోజుల కోసం 48 తెప్పించడమే మొదటి పొరపాటు. అందువల్ల స్టిక్కర్ ఏ తేదీన పడింది, ఎన్ని కప్పులకు పడింది, ఎన్ని పారేశారు అన్న మూడు సంగతులూ ఆర్డర్ పెట్టే మనిషి ముందుకు రావాలి. చాలాచోట్ల స్టిక్కర్ వేసేది ఒకరు, పారేసినవి రాసేది ఒకరు, ఆర్డర్ పెట్టేది ఇంకొకరు. ఆ ముగ్గురూ ఒకే కాగితం చూడనంత కాలం వచ్చే సోమవారం కూడా 48 కప్పులే దిగుతాయి.