సవరణ: ఉడికిస్తే పోని విషం

"కానాగంతల పులుసు అరగంట మరిగించామండీ. అయినా తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి, దద్దుర్లొచ్చాయి. బాగా ఉడికిస్తే చాలన్నారుగా?"

నా పాత పోస్టు చదివిన ఒకరి ప్రశ్న ఇది. అవును, అందులో అలా అన్నాను, తప్పే. ఉడికిస్తే చచ్చేది బ్యాక్టీరియా మాత్రమే.

కానాగంత, ట్యూనా, వంజరం లాంటి చేపల కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. పట్టిన చేప ఐసు లేకుండా ఎండలో గంటల తరబడి ఉంటే, మొప్పల్లో, పేగుల్లో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు పెరిగి, దాన్ని హిస్టమిన్‌గా మారుస్తాయి. ఆ దద్దుర్లు తెప్పించే విషం ఈ హిస్టమినే, ఇది వేడికి చెదరదు. మరిగించినా, వేయించినా, డబ్బాలో పెట్టి స్టెరిలైజ్ చేసినా అలాగే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెడితే కొత్తది తయారవడం తగ్గుతుందంతే, ఉన్నది పోదు.

వాసన చూసి కనిపెట్టడమూ కష్టమే, చేప తాజాగానే అనిపించవచ్చు. కొందరికి మాత్రం తినేటప్పుడు నాలుక మీద మిరియాల ఘాటు తగులుతుంది. అలా అనిపిస్తే అక్కడే ఆపేయండి, ముక్క ఎంత రుచిగా ఉన్నా సరే.

లక్షణాలు అచ్చం అలర్జీలాగే ఉంటాయి, అందుకే చాలామంది "నాకు చేప పడదు" అనుకుని జీవితాంతం మానేస్తారు. ఒకే కూర తిన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తే అనుమానించాల్సింది చేపను. ఊపిరాడకపోతే మాత్రం ఈ లెక్కలు వదిలేసి ఆసుపత్రికి వెళ్లండి.

పాత పోస్టులో ఆ వాక్యం కొట్టేశాను. కొనేటప్పుడు చేప ఐసులో ఉందో లేదో చూడండి.