‘అజాగ్రత్త వల్ల’ అని రాసిన చోటే విచారణ ఆగిపోతుంది

“డ్రిల్లింగ్ మెషీన్‌పై పనిచేస్తున్న ఆపరేటర్ గ్లవ్స్ ధరించకుండా, అజాగ్రత్తగా చిప్స్ తొలగిస్తుండగా కుడిచేతి వేలికి స్వల్ప గాయమైనది. ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందిగా హెచ్చరించడమైనది.” షాప్ ఫ్లోర్‌పై చిన్న గాయమైనప్పుడు సూపర్‌వైజర్ ఇలాంటి రెండు వాక్యాలు రాసి సంతకం చేస్తారు, ఫైలు మూసేస్తారు. వినడానికి ఇవి నిజాలుగానే ఉంటాయి కానీ, వాటిలో జరిగిన సంగతి కంటే రాసినవారి తీర్పే ఎక్కువ. అంతకంటే పెద్ద ఇబ్బంది ఏమిటంటే, ఈ రిపోర్టును నమ్మి చర్య తీసుకుంటే తర్వాతి గాయం ఇంతకంటే పెద్దది కావచ్చు.

ఆ రెండు వాక్యాల వెనుక జరిగినది ఇదీ అనుకుందాం. ఆ మెషీన్‌పై రోజూ కాస్ట్ ఐరన్ భాగాలకు రంధ్రాలు వేస్తారు. రంధ్రం వేసేటప్పుడు తెగిపడే లోహపు తునకలే చిప్స్. కాస్ట్ ఐరన్ చిప్స్ పొడిపొడిగా రాలిపోతాయి కనుక బల్ల మీద ఒక బ్రష్ ఉంటే సరిపోతుంది. ఆ రోజు పక్క మెషీన్ మరమ్మతులో ఉండటంతో అక్కడ చేయవలసిన మైల్డ్ స్టీల్ పనిని ఇటు మళ్లించారు. మైల్డ్ స్టీల్ సాగే గుణమున్న లోహం కాబట్టి దాని చిప్ తెగకుండా రిబ్బన్‌లా పొడవుగా వచ్చి డ్రిల్‌కు చుట్టుకుంటుంది, దాని అంచు బ్లేడులా ఉంటుంది. దాన్ని లాగడానికి వాడే పొడవాటి హుక్ పక్క మెషీన్ దగ్గరే ఉండిపోయింది. పని వచ్చింది కానీ పనిముట్టు రాలేదు. ఆపరేటర్ డ్రిల్‌ను తిప్పే స్పిండిల్‌ను ఆపి, అది పూర్తిగా నిలిచాక, బ్రష్‌తో రెండుసార్లు ప్రయత్నించి, చివరికి వేళ్లతో లాగాడు.

ఇప్పుడు ‘గ్లవ్స్ ధరించకుండా’ అనే మాట చూడండి. తిరిగే డ్రిల్ దగ్గర గ్లవ్స్ వేసుకోకూడదన్నది యంత్రశాలల్లో ప్రాథమిక నియమం, ఎందుకంటే గుడ్డ అంచు ఒక్కటి డ్రిల్‌కు చిక్కితే వేలు, దాని వెనుక చెయ్యి కూడా లోపలికి పోతాయి. అంటే ఆపరేటర్ నియమాన్ని పాటించాడు, రిపోర్టు దాన్ని తప్పుగా నమోదు చేసింది. రేపటి నుంచి ఈ మెషీన్ దగ్గర గ్లవ్స్ తప్పనిసరి అని నోటీసు అంటిస్తే, ఈసారి రెండు సెంటీమీటర్ల కోతతో పోయినది వచ్చేసారి వేలితో పోవచ్చు. సూపర్‌వైజర్‌కు ఈ నియమం తెలియదని నేను అనను. తప్పెవరిదో వెతుకుతూ రాసే చెయ్యి ముందుగా దొరికిన మాటను పట్టుకుంటుంది.

అదే సంఘటనను నింద లేకుండా రాస్తే ఇలా ఉంటుంది: “ఉదయం 10:40కి, స్పిండిల్ ఆగి ఉన్న స్థితిలో, డ్రిల్‌కు చుట్టుకున్న మైల్డ్ స్టీల్ చిప్‌ను ఆపరేటర్ కుడిచేత్తో లాగాడు. చూపుడువేలు మొదటి కణుపు లోపలివైపు సుమారు 2 సెం.మీ. తెగింది. గాయం కడిగి కట్టు కట్టారు, 11:15కి తిరిగి పనిలో చేరాడు. 10:55కి చూసినప్పుడు ఈ మెషీన్ దగ్గర బ్రష్ ఉంది, హుక్ లేదు, హుక్ పక్క మెషీన్ స్టాండులో ఉంది. ఈ మెషీన్‌పై మైల్డ్ స్టీల్ పని ఈ షిఫ్టులోనే మొదలైంది. ఆపరేటర్ మాటల్లో: ‘నిన్నటిదాకా బ్రష్‌తోనే తోసేసేవాణ్ని, ఇది బ్రష్‌కు రావడం లేదు.’ పని మళ్లించేటప్పుడు హుక్ గురించి ఎవరైనా అడిగారా అన్నది ఇంకా తెలియలేదు.”

ఈ రెండో రిపోర్టులో విశేషణాలు లేవు. ‘స్వల్ప’ అనడానికి బదులు కొలత, చేసిన చికిత్స ఉన్నాయి. చూసినది, విన్నది, తెలియనిది వేటికవి విడిగా ఉన్నాయి. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది మాత్రం ‘కుండా’ ప్రత్యయం మాయమవడం. ధరించకుండా, ఆలోచించకుండా, చెప్పకుండా వంటి మాటలు షాప్ ఫ్లోర్‌పై జరిగినదాన్ని చెప్పవు, జరిగి ఉండాల్సిందని రాసేవారు తర్వాత అనుకున్నదాన్ని చెబుతాయి. రక్తం చూశాక ప్రమాదం ఎవరికైనా కనిపిస్తుంది, 10:39కి ఆపరేటర్‌కు కనిపించినది ఆగిన డ్రిల్, దానికి చుట్టుకున్న చిప్, వెనుక ఎదురుచూస్తున్న పని మాత్రమే. ‘హుక్ లేదు’ అన్నదీ లేనిదాని గురించిన మాటే కదా అంటారేమో. అయితే అక్కడికి వెళ్లి ఎవరో చూశారు, ఏ సమయానికి చూశారో రాశారు. కనుక అది పరిశీలన అవుతుంది.

ఇలా రాయాలంటే ఆ షిఫ్టు ముగియక ముందే రాయాలి. గాయానికి కట్టు కట్టిన వెంటనే, బల్ల ఊడ్చేయక ముందే ఫొటో తీయాలి, ఎందుకంటే ఈ కథలో అసలు సాక్షి ఆ రిబ్బన్ లాంటి చిప్, తర్వాతి షిఫ్టువారు మొదట పారేసేదీ దాన్నే. గాయపడిన మనిషిని ‘ఎందుకు చేశారు?’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది, ‘అప్పుడు మీ ముందు ఏముంది, తర్వాత ఏం చేశారు?’ అని అడిగితే బ్రష్ సంగతి బయటపడుతుంది.

నింద లేకపోతే క్రమశిక్షణ ఏమవుతుందన్నది పాతకాలపు మేనేజర్ల ప్రశ్న, అందులో కొంత న్యాయం లేకపోలేదు. యంత్రానికి రక్షణగా బిగించే గార్డును కావాలని విప్పేసినవారిని వదిలేయమని ఎవరూ అనరు. అప్పుడు కూడా రిపోర్టులో రావలసినది ‘గార్డు బిగించి లేదు, దాని బోల్టులు రెండూ బల్ల మీద ఉన్నాయి’ అనే వాక్యమే, ఎవరు విప్పారు, ఎందుకు విప్పారు అన్నవి వేరే విచారణలో తేలాలి. అమెరికా విమానయానంలో 1976 నుంచి నాసా నడుపుతున్న భద్రతా రిపోర్టుల వ్యవస్థ ఇలాగే పనిచేస్తోంది: రిపోర్టు ఇచ్చినవారి గుర్తింపు తొలగిస్తారు, కానీ నేరపూరిత చర్యలకు ఆ రక్షణ వర్తించదు.

ఒక్క వేలి కోత గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ రెండు వాక్యాలు ఫైల్లో ఆగిపోవు, కూడికలోకి వెళ్తాయి. 1931లో అమెరికా బీమా సంస్థ ఉద్యోగి హెర్బర్ట్ హైన్రిచ్ సుమారు 75 వేల ప్రమాదాలను పరిశీలించి, వాటిలో 88 శాతానికి కారణం కార్మికుల సురక్షితం కాని చర్యలేనని, యంత్రాల, పరిసరాల లోపాలు 10 శాతమేనని తేల్చాడు. ఆ లెక్కకు ఆధారం బీమా క్లెయిముల ఫైళ్లు, ఫ్యాక్టరీ యజమానుల రికార్డులు. వాటిని రాసినది ఎవరో ఆలోచించండి. మన సూపర్‌వైజర్ రాసిన మొదటి రిపోర్టును ఆ కూడికలో వేస్తే 88 వైపు చేరుతుంది, రెండో రిపోర్టు 10 వైపు వెళ్తుంది. వేలు అదే, కోత అదే, మారినది వాక్యం. కార్మికుడే కారణమనే ఆ నిష్పత్తి దశాబ్దాల తరబడి భద్రతా శిక్షణల్లో సూత్రంలా వినిపించింది. దాన్ని చూసి నేర్చుకున్న సూపర్‌వైజర్ మళ్లీ ‘అజాగ్రత్త’ అని రాశాడు, ఆ రాతే మళ్లీ లెక్కలోకి వెళ్లింది. లెక్క తన తోకను తానే మింగుతున్న పాములా తయారైంది.

మొదటి రిపోర్టు ఫైల్లోకి వెళ్లిన రోజు మధ్యాహ్నం రెండో షిఫ్టు ఆపరేటర్ అదే మెషీన్ ముందు నిలబడతాడు. బల్ల శుభ్రంగా ఉంటుంది, మైల్డ్ స్టీల్ పని ఇంకా సగం మిగిలే ఉంటుంది, అందుబాటులో బ్రష్ ఉంటుంది. హుక్ మాత్రం పక్క మెషీన్ స్టాండులోనే ఉంటుంది.