ఒక్క నల్ల గీత తేడాకి గంట రికార్డింగ్ పోయింది

కాలర్ మైక్ పెట్టుకుని గంటసేపు మాట్లాడాను. విని చూస్తే ఫ్యాన్ హోరు, గది మోత. నా గొంతు ఎక్కడో దూరంగా ఉంది. ఫోన్ తన సొంత మైక్‌తోనే రికార్డ్ చేసిందన్నమాట! ప్లగ్ మాత్రం చక్కగా దూరింది, ఫోన్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు.

కారణం ప్లగ్ మీది నల్ల గీతలు. నా మైక్‌కి రెండే ఉన్నాయి, అంటే టీఆర్ఎస్, కెమెరాల కోసం చేసింది. ఫోన్‌కి మూడు గీతల టీఆర్ఆర్ఎస్ కావాలి. ఇయర్‌ఫోన్ జాక్ ఉన్న ఇప్పటి ఫోన్లు మైక్ సిగ్నల్‌ని ప్లగ్‌లో వైరు వైపున్న చివరి భాగంలో వెతుకుతాయి. టీఆర్ఎస్‌లో అక్కడ ఉండేది మైక్ సిగ్నల్ కాదు, గ్రౌండ్. దాంతో ఫోన్ దాన్ని మామూలు ఇయర్‌ఫోన్ అనుకుంటుంది.

టీఆర్ఎస్ నుంచి టీఆర్ఆర్ఎస్‌కి మార్చే చిన్న అడాప్టర్ పెడితే పని అయిపోయింది. ఈ ముక్క డబ్బా మీద పెద్దక్షరాలతో వేయడానికి ఏం కష్టం? "మొబైల్‌కి పనిచేస్తుంది" అని రాసి, అడాప్టర్ పెట్టకుండా అమ్మితే ఎలా?

ఇప్పుడు ముందు పది సెకన్లు రికార్డ్ చేస్తున్నాను. కాలర్ మైక్‌ని గోటితో గీకుతాను, తర్వాత ఫోన్ అడుగుభాగాన్ని. ఏ గీకుడు గట్టిగా వినిపిస్తే ఆ మైకే పనిచేస్తున్నట్టు.