డ్రమ్ములో బట్టలు వదిలేసి వెళ్లే మహానుభావులకు

101 నుంచి 302 దాకా ఆరు ఫ్లాట్ల పెద్దలకు నమస్కారం.

ఈ ఆదివారం పొద్దున 9 గంటలకే మేడ మీది మన ఉమ్మడి వాషింగ్ మెషిన్ ఆగింది. అందులోని జీన్సు ప్యాంట్లు మాత్రం సాయంత్రం దాకా దిగిరాలేదు. ఒకరి బట్టలు ఇంకొకరు ముట్టుకుంటే బాగుండదని మిగతా ఐదిళ్లవాళ్లూ బకెట్లు పట్టుకుని వెనుదిరిగారు. ఎంత మర్యాదస్థులమో!

అందుకే ఈ ప్రతిపాదన. సోమవారం నుంచి శనివారం దాకా రోజుకో ఫ్లాటు, నంబర్ల వరసలో. గొడవంతా ఆదివారం గురించే కాబట్టి ఆ రోజు పొద్దున 6 నుంచి రాత్రి 9 దాకా మూడేసి గంటల వంతులు ఐదు. మొదటివారం 101 ఆరింటికి, 102 తొమ్మిదింటికి, అలా 301 సాయంత్రం ఆరింటికి, 302కి సెలవు. మరుసటివారం అందరూ ఒక వంతు ముందుకు జరుగుతారు, 101కి సెలవు, 302కి సాయంత్రం వంతు. ఆరు వారాల్లో ఎండ తగిలే వంతూ, తగలని వంతూ అందరికీ వస్తాయి. రాత్రి 9 తర్వాత వద్దు, స్పిన్ తిరిగితే కింద 301, 302ల కప్పు అదురుతుంది.

కాటన్ ప్రోగ్రామ్‌కు రెండు గంటల పది నిమిషాలని చూపిస్తుంటే మూడు గంటలెందుకని అడిగేవారున్నారు. చాలా మెషిన్లకు నీళ్లు కనీసం మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగితేగాని ఒత్తిడి చాలదు. మన ట్యాంకు మెషిన్ నెత్తిన రెండు మీటర్లు కూడా లేదు. నల్లా సన్నగా కారుతుంది, నీళ్లు నిండేదాకా డ్రమ్ము ఎదురుచూస్తుంది, తెరమీద అంకె కదలదు. దానికి తోడు బకెట్లో నానబెట్టే పౌడరు గుప్పెడు పోస్తే నురగ తగ్గేదాకా అది ఆగి ఆగి జాడిస్తుంది. బట్టల పైన చెయ్యి దూరేంత ఖాళీ కూడా ఉంచండి.

జేబుల్లో చిల్లర వదిలితే పంపు ఇరుక్కుంటుంది, నీళ్లు బయటికి పోవు, తలుపు తెరుచుకోదు. కింద మూలనున్న ఫిల్టరు నెలకోసారి విప్పి కడగాలి, ఆ నెల ఎవరి వంతో వంతుల కాగితం మీద ఉంటుంది.

ఇక అసలు సంగతి. ఆగిన పావుగంటలో బట్టలు తీయాలి. తడిబట్టలు మూసిన డ్రమ్ములో పూటంతా ఉంటే ముక్కవాసన పట్టి మళ్లీ ఉతకాల్సిందే, అంటే ఇంకొకరి వంతు తినేయడమే. ఒక్కో ఇంటివారూ నంబరు రాసిన బకెట్ మెషిన్ పక్కన పెట్టండి. పావుగంట దాటితే తర్వాతి వంతువారు మీ బట్టలు అందులో పడేస్తారు, లోదుస్తులతో సహా. సిగ్గనిపిస్తే పావుగంటలో పైకి రండి. ఫోన్లో అలారం పెట్టుకోవడం కూడా చేతకాదా?

సోమవారం 101తో మొదలు. వంతులు మార్చుకోవాలంటే ఇద్దరూ ముందురోజే కాగితం మీద రాయండి. మెట్ల మీద ఎదురై "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటే చెల్లదు.