పేజ్ ఫాల్ట్ ఏ క్లాసులో చెప్పారు? 34 ఫైళ్లలో చెదిరిపోయిన ఒక జవాబు

మొన్న ఆదివారం మా మేనకోడలు ల్యాప్‌టాప్ పట్టుకుని మలక్‌పేటలోని మా ఇంటికి వచ్చింది. నగర శివార్లలోని ఓ ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చదువుతోంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టుకు సెమిస్టర్ మొత్తంలో క్లాస్ గ్రూపులో పెట్టినవి 34 ఫైళ్లు. కొన్ని పీపీటీలు, కొన్ని పీడీఎఫ్‌లు, ఒకటి రెండు ఫోన్‌తో తీసిన నోట్సు ఫొటోలు. ప్రోగ్రామ్ అడిగిన మెమరీ పేజీ ప్రాసెసర్‌కు వెంటనే అందకపోవడాన్ని పేజ్ ఫాల్ట్ అంటారు. అది వచ్చినప్పుడు ఏం జరుగుతుందో దశలవారీగా రాయమన్న పాత ప్రశ్న ఒకటి చూపించి, "మామయ్యా, ఇది ఏ క్లాసులో చెప్పారో కూడా గుర్తు లేదు. ఒక్కచోట దొరికితే చదివేస్తా" అంది.

ఒక్కచోట లేదు. ఉండదు కూడా. నేను కొన్నేళ్లు ఇదే సబ్జెక్టు చెప్పాను కాబట్టి ఆ మాట గట్టిగా అనగలను. కోఠిలో పాత పుస్తకాల దుకాణంలో కొన్న టెక్స్ట్‌బుక్కుకైనా చివర్లో ఇండెక్స్ ఉంటుంది, ఒక మాట ఏయే పేజీల్లో వచ్చిందో అందులో చూసుకోవచ్చు. సెమిస్టర్ ఫైళ్లకు అలాంటిది లేదు. ఉన్నదల్లా ఫైళ్ల పేర్లు, వాటిలో సగం `unit3_final_new.pdf` లాంటివి. దాంతో పిల్లలు టాపిక్ పేరున్న ఫైలు ఒకటి తెరిచి, అందులో ఉన్నదే మొత్తం అనుకుని బట్టీ పడుతున్నారు. జవాబులు అరకొరగా రావడానికి నాకు కనిపించే పెద్ద కారణం ఇదే.

ముందుగా ఫైళ్లన్నిటినీ వెతకడానికి వీలుగా మార్చాం. లినక్స్‌లో ఇది నాలుగు లైన్ల పని.

```
libreoffice --headless --convert-to pdf *.pptx
for f in *.pdf; do pdftotext -layout "$f"; done
wc -w *.txt
pdfgrep -inH "page fault" *.pdf
```

మూడో లైన్‌ను చాలామంది వదిలేస్తారు, కానీ అది ముఖ్యం. ఏ ఫైల్లో ఎన్ని పదాలున్నాయో అది చెబుతుంది. మా లెక్కలో 20వ ఫైలుకు సున్నా వచ్చింది. అంటే ఆ పీడీఎఫ్‌లో అక్షరాలు లేవు, బొమ్మలు మాత్రమే ఉన్నాయి. ఆ రోజు లెక్చరర్ చేత్తో రాసిన నోట్సును ఫొటోలు తీసి పెట్టారు. అలాంటి ఫైల్లో ఏం వెతికినా ఏమీ దొరకదు, దొరకలేదు కాబట్టి అందులో లేదనుకుంటాం. అచ్చు అక్షరాల స్కాన్ అయితే `ocrmypdf` చాలావరకు చదువుతుంది. చేతిరాతను నమ్మకంగా చదవదు. పన్నెండు పేజీలే కదా, కళ్లతోనే తిరగేశాం. అది టీఎల్‌బీ గురించి, అంటే ఈమధ్య వాడిన పేజీల అడ్రస్‌లను ప్రాసెసర్ దగ్గరే ఉంచుకునే చిన్న పట్టిక గురించి చెప్పిన క్లాసు. మన ప్రశ్నకు అందులో ఒక కీలకమైన పేజీ ఉంది.

నాలుగో లైన్ 21, 22, 23, 24 ఫైళ్లను చూపించింది. 21లో ఉన్నది "తర్వాతి క్లాసులో పేజ్ ఫాల్ట్" అన్న చివరి స్లైడ్ మాత్రమే. దాన్ని కొట్టేశాం. మిగిలిన మూడింటితో చాలామంది ఆగిపోతారు. అసలు వెతుకులాట అక్కడే మొదలవ్వాలి, ఎందుకంటే లెక్చరర్ ఆ విషయాన్ని మొదటిసారి చెప్పేటప్పటికి దానికి ఆ పేరు పెట్టి ఉండరు. రెండో క్లాసులో అది ట్రాప్. ఆరో క్లాసులో వెయిటింగ్ స్టేట్. పందొమ్మిదో క్లాసులో వ్యాలిడ్ బిట్. పేరు వచ్చేది 22లోనే.

కాబట్టి 22వ ఫైలును నెమ్మదిగా చదివి, అందులో చెప్పిన దశల్లోంచి ఒక్కో మాటా తీసి మిగతా ఫైళ్లలో వెతికాం. `trap` అంటే 2, 22 మాత్రమే వచ్చాయి. మంచి మాట. `frame` అంటే 18 నుంచి 24 దాకా అన్నీ వచ్చాయి. అన్నిచోట్లా ఉన్న మాట దేన్నీ చూపించదు, వదిలేశాం. `waiting` ద్వారా ఆరో ఫైలు, `disk` ద్వారా 31వ ఫైలు దొరికాయి. ఇక మాటను కుదించి ఉత్త `fault` అని వెతికితే `default` అన్న పదాలు కూడా వచ్చి పడ్డాయి గానీ, వాటి మధ్యలో ఏడో ఫైలు బయటపడింది. అది ఒక ప్రాసెస్ తనలాంటి మరో ప్రాసెస్‌ను పుట్టించే ఫోర్క్ గురించిన క్లాసు. అక్కడి స్లైడులో ఉన్న మాట ప్రొటెక్షన్ ఫాల్ట్. పేజ్ ఫాల్ట్ అని వెతికినంతసేపూ అది దొరికేది కాదు.

దొరికిన ప్రతి పేజీకీ ఒక చీటీ రాయమన్నాను. ఫైలు నంబరు, పేజీ నంబరు, ఆ పేజీ మన ప్రశ్న గురించి చెబుతున్నదేమిటో సొంత మాటల్లో ఒక్క వాక్యం. ఆ వాక్యం రాయలేకపోతే ఆ పేజీ మనకు అక్కర్లేదని అర్థం. స్లైడును కాపీ చేసి అతికిస్తే ఈ పరీక్ష జరగదు. అందుకే నేను కాపీ పేస్టును ఒప్పుకోను. చివరికి తొమ్మిది ఫైళ్ల నుంచి 14 చీటీలు మిగిలాయి.

ఇప్పుడు వాటిని ఏ వరసలో పేర్చాలి? ఫైళ్ల వరసలో పేరిస్తే రెండో క్లాసు ట్రాప్‌తో మొదలై 31వ క్లాసు డిస్క్‌తో ముగుస్తుంది. అది సిలబస్ వరస, జరిగే పని వరస కాదు. ప్రోగ్రామ్‌లోని ఒక్క ఇన్‌స్ట్రక్షన్ మెమరీలో ఒక చోటును అడిగిందనుకుని, దాని వెంట నడిచాం.

మొదట ప్రాసెసర్ ఆ అడ్రస్‌ను టీఎల్‌బీలో చూస్తుంది. ఇది 20వ ఫైలు, చేతిరాత నోట్సు. అక్కడ లేకపోతే ఏ పేజీ మెమరీలో ఎక్కడుందో చెప్పే పేజ్ టేబుల్ చూస్తుంది, అది 19. అక్కడ వ్యాలిడ్ బిట్ సున్నా అయితే ట్రాప్ పుట్టి కంట్రోల్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్‌కు వెళ్తుంది, ఇందుకు రెండో ఫైలు కావాలి. ఆ అడ్రస్ ఈ ప్రాసెస్‌కు చెందినదేనా అని కెర్నల్ చూస్తుంది. కాకపోతే ప్రాసెస్‌ను ఆపేస్తుంది. చెందినదే అయితే ఖాళీ ఫ్రేమ్, అంటే మెమరీలో ఒక పేజీ పట్టే చోటు వెతుకుతుంది, ఇది 22. ఖాళీ లేకపోతే ఒక పాత పేజీని బయటికి పంపుతుంది, అది మారిన పేజీ అయితే ముందు డిస్కులో రాయాలి, ఇది 23. డిస్కు నుంచి పేజీ వచ్చేదాకా ప్రాసెస్ వెయిటింగ్‌లో ఉంటుంది, ఈలోపు ప్రాసెసర్ మరో ప్రాసెస్‌ను నడుపుతుంది, ఇది ఆరో ఫైలు. ఆ నిరీక్షణ ఎంతసేపో 31 చెబుతుంది. పేజీ వచ్చాక టేబుల్‌లో బిట్‌ను ఒకటి చేసి, అదే ఇన్‌స్ట్రక్షన్‌ను మళ్లీ నడిపిస్తారు. ఇలాంటివి మరీ ఎక్కువైతే ఏమవుతుందో 24లో ఉంది, కానీ అడిగిన ప్రశ్నకు అది ఒక్క వాక్యం చాలు.

పేర్చడం కంటే కష్టమైన పని చీటీలు ఒకదానితో ఒకటి కొట్టుకున్నప్పుడు వస్తుంది. మాకు మూడు చోట్ల వచ్చింది. నా ఉద్దేశంలో ఈ మొత్తం శ్రమకు ఫలితం దక్కేది అక్కడే.

మొదటిది వ్యాలిడ్ బిట్. ఆ బిట్ సున్నా అయితే అది అక్రమ అడ్రస్, ప్రాసెస్‌ను ముగించాలి అని 19వ ఫైలు. సున్నా అయితే పేజీ డిస్కులో ఉండొచ్చు, తెచ్చుకోవాలి అని 22. రెండూ చదివిన పిల్లకు టెన్షన్ రాదా? లెక్చరర్ తప్పు చెప్పలేదు. 19వ క్లాసు నాటికి ప్రోగ్రామ్ మొత్తం మెమరీలోనే ఉంటుందన్న ఊహతో చెబుతున్నారు. 22లో ఆ ఊహను తీసేశారు. దాంతో అదే బిట్‌కు అర్థం పెరిగింది. అక్రమం కావచ్చు, లేదా సక్రమమే అయినా మెమరీలో లేకపోవచ్చు. రెండింటిలో ఏదో తేల్చడానికే కెర్నల్ మరోసారి చూసుకోవాల్సి వస్తోంది. ఈ ముక్క రెండు ఫైళ్లలో ఎక్కడా రాసి లేదు. రెండు చీటీలు పక్కపక్కన పెడితేనే పుట్టింది.

రెండోది ఎఫెక్టివ్ యాక్సెస్ టైమ్. ఈ పేరుతో 20లో ఒక ఫార్ములా, 22లో ఇంకొకటి ఉన్నాయి. మొదటిది టీఎల్‌బీలో దొరక్కపోతే పడే ఆలస్యం. టీఎల్‌బీకి 20, మెమరీకి 100 నానోసెకన్లు, నూటికి 80 సార్లు దొరుకుతుంది అనుకుంటే సగటు 140 నానోసెకన్లు. రెండోది పేజీయే మెమరీలో లేకపోతే పడే ఆలస్యం. మెమరీకి 200 నానోసెకన్లు, ఫాల్ట్ తీర్చడానికి 8 మిల్లీసెకన్లు, వెయ్యిసార్లకు ఒక్క ఫాల్ట్ అనుకుంటే సగటు సుమారు 8,200 నానోసెకన్లు. నలభై రెట్లు నెమ్మది. మా మేనకోడలు రెండు చీటీలూ కలిపి టీఎల్‌బీ మిస్ అయితే పేజ్ ఫాల్ట్ వస్తుందని రాసింది. టీఎల్‌బీలో లేకపోయినా పేజీ మెమరీలో ఉండొచ్చు, అప్పుడు ఫాల్ట్ ఏమీ లేదు. పేరు ఒకటే కదా అని కలిపేస్తే ఇలాంటి తప్పే పడుతుంది.

మూడోది ఏడో ఫైలు. ఫోర్క్ తర్వాత తల్లి ప్రాసెస్, పిల్ల ప్రాసెస్ ఒకే పేజీని చదువుకుంటూ ఉంటాయి. వాటిలో ఒకటి రాయబోతే ఫాల్ట్ వస్తుంది, అప్పుడు కెర్నల్ విడిగా కాపీ చేసి ఇస్తుంది. ఇక్కడ పేజీ మెమరీలోనే ఉంది, అయినా ఫాల్ట్. అంటే పేజీ మెమరీలో లేకపోవడమే పేజ్ ఫాల్ట్ అన్న 22వ ఫైలు నిర్వచనం ఇక్కడ సరిపోవడం లేదు. ఏ పేజీని పట్టుకుని చదివినా ఈ అనుమానం రాదు. నమ్మకం కుదరడానికి లినక్స్‌లో ఇది నడిపించి చూపించాను.

```
/usr/bin/time -v ls
```

చివర్లో మేజర్, మైనర్ అని పేజ్ ఫాల్ట్‌లను విడివిడిగా లెక్కపెట్టి చూపిస్తుంది. డిస్కు దాకా వెళ్లాల్సి వచ్చినవి మేజర్. మాకు అవి సున్నా, మైనర్ మాత్రం వందకు దగ్గర. దానిమీద ఆమె తన మొదటి వాక్యాన్ని కొట్టేసి, ప్రాసెసర్ ఆ యాక్సెస్‌ను పేజ్ టేబుల్ ప్రకారం పూర్తి చేయలేకపోవడం అని మార్చి రాసింది.

ఇదంతా చేయడానికి మాకు మూడు గంటలు పట్టింది. ఇంత శ్రమ ప్రతి విద్యార్థి మీదా పెట్టడం సరికాదని నా అభిప్రాయం. పాఠం చెప్పినవారికి ఏ ముక్క ఎక్కడుందో తెలుసు. ఫైలు అప్‌లోడ్ చేసేటప్పుడే ఒక మామూలు టెక్స్ట్ ఫైల్లో ఈ క్లాసులో వచ్చిన మాటలు, పేజీ నంబర్లు, ఇంతకుముందు ఇదే విషయాన్ని వేరే పేరుతో ఎక్కడ చెప్పారో మూడు లైన్లు రాసి పెడితే చాలు. నేను చెప్పిన రోజుల్లో ఆ పని చేయలేదు. చేసి ఉండాల్సింది. అయితే విద్యార్థి చేయాల్సిన పని అప్పటికీ మిగిలే ఉంటుంది. ముక్కలు ఎక్కడున్నాయో ఇండెక్స్ చూపిస్తుంది గానీ, 19కీ 22కీ మధ్య అర్థం ఎందుకు మారిందో చెప్పదు.

అన్నీ మూసేసి, చీటీలు చూడకుండా జవాబు మొత్తం ఒకసారి రాయమన్నాను. చివరి దశ దగ్గర పెన్ను ఆగింది. "సిస్టమ్ కాల్ అయ్యాక తర్వాతి ఇన్‌స్ట్రక్షన్‌కు వెళ్తుందని రెండో ఫైల్లో ఉంది మామయ్యా. ఇక్కడ మాత్రం అదే ఇన్‌స్ట్రక్షన్ మళ్లీ ఎందుకు?" అని అడిగింది. 34 ఫైళ్లలో దీనికి జవాబు లేదు. నేను చెప్పలేదు, సోమవారం క్లాసులో అడగమన్నాను. ఫాల్ట్ వచ్చినప్పుడు ఆ ఇన్‌స్ట్రక్షన్ ఇంకా పూర్తి కాలేదు కాబట్టి, ప్రాసెసర్ దాచిపెట్టేది దాని అడ్రస్‌నే అని లెక్చరర్ బోర్డు మీద గీసి చూపించారట. ఆ సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. అది పదిహేనో చీటీ. ఫైలు నంబరు ఉండాల్సిన చోట "బోర్డు" అని, పక్కన తేదీ రాసుకుంది.