నాలుగో సంతకం

డెయిలీ సీరియల్ కోడలికి పట్టిన జబ్బు మీద ఇప్పటిదాకా ఏ పెద్ద డాక్టరూ దృష్టి పెట్టకపోవడం విచారకరం. ఆమెకు పూజ యాదికుంటది. మామకు షుగరు గోలీ ఏ టైముకు ఇయ్యాలో యాదికుంటది. మోసపోయిన సంగతి మాత్రం యాదికుండదు.

ఒక సీరియల్ పేరు చెప్పి మిగతావాటిని చిన్నబుచ్చడం ఎందుకు, మనమే ఒకటి అనుకుందాం. దేవరకొండ పిల్ల యాదమ్మ, మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్లింటి కోడలు. తల్లిగారిచ్చిన మూడెకరాల మీద అత్త కన్ను పడింది. 40వ ఎపిసోడ్‌లో అత్త కాగితం తెచ్చి, "సంతకం పెట్టు బిడ్డా, కరెంటు మీటరు కోసం" అంటుంది. యాదమ్మ కాగితం చూడదు. కెమెరా చూస్తుంది. అత్త కళ్లు మూడుసార్లు, పెన్ను మూడుసార్లు, గోడ మీది దేవుడి పటం మూడుసార్లు. బయట ఎర్రటి ఎండలో ఉరుముతుంది. పనామె చేతిలో పాలగ్లాసు జారిపడుతుంది. సంతకం పూర్తయ్యేసరికి శుక్రవారం అవుతుంది. (మన తెలంగాణలో 2020 నుంచి సాగుభూమి రాసియ్యాలంటే తహసీల్దారు ఆఫీసుకు పోయి వేలిముద్ర వెయ్యాలి. సీరియల్‌లో సోఫాయే తహసీల్దారు ఆఫీసు.) నిజం తెలిశాక తులసికోట ముందు "ఇక నేను పాత యాదమ్మను కాను" అని శపథం. 180వ ఎపిసోడ్‌లో అదే అత్త, అదే సోఫా, అదే పెన్ను. "సంతకం పెట్టు బిడ్డా, గ్యాస్ కనెక్షన్ కోసం." పెడుతుంది. పోయిన మూడెకరాలు నడుమ ఎట్లనో తిరిగొచ్చినయి, మళ్లీ పోవాలె కదా. గ్లాసు కూడా కొత్తది కొన్నారు.

జబ్బు యాదమ్మది కాదు. గురువారం రేటింగులొస్తాయి. తగ్గితే ట్రాక్ మారుతుంది, ఒక్కోసారి రచయితే మారతాడు. వచ్చినాయనకు ఆమె గుణం చెబుతారు: మంచిది, అమాయకురాలు. ఆమెకు ఇప్పటిదాకా ఏం తెలిసిందో చెప్పరు. ఆయన గుణాన్ని పట్టుకుని సీన్ రాస్తాడు. గుణం మారలేదు కాబట్టి సీనూ మారదు.

మందు ఒక నోటుబుక్కు. ప్రతి ట్రాక్ అయిపోగానే పాత్రకో పేజీలో నాలుగు గడులు నింపాలి: ఆమె ఇప్పుడు ఏం నమ్ముతుంది, కొత్తగా ఏం తెలిసింది, ఆమెకు తెలిసిందని ఎవరెవరికి తెలుసు, తిరిగి రానిది ఏది. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ ట్రాక్ జరగనట్టే. పోయిన భూమిని తిరిగిస్తే, దాంతో నేర్చుకున్న పాఠాన్నీ గుంజుకున్నట్టే.

వారానికి ఆరు చొప్పున 600 ఎపిసోడ్లంటే సుమారు రెండేళ్లు. అందులో పాత్రకు ఐదు పెద్ద మలుపులు చాలు, ఒక్కోటి 120 ఎపిసోడ్లు మోస్తుంది. పరీక్ష ప్రతిసారీ సంతకమే కానీయండి, తప్పులేదు. జవాబు మారాలి. మొదటిసారి యాదమ్మ చదవకుండా పెడుతుంది, భూమి పోతుంది, పోయినట్టే ఉంటుంది. రెండోసారి మిల్లు అప్పుకు జామీను. ఈసారి చదువుతుంది, మోసమని తెలుసు, అయినా నలుగురిలో మొగుడి పరువు పోతుందని పెడుతుంది. పాత తప్పులో మళ్లీ పడడమంటే ఇదీ: తెలిసి పడాలి. మూడోసారి పెట్టనంటుంది. అత్తకు పాత దారి మూసుకుపోయింది కనుక ఆమే మారాలి, కొడుకును విడదీస్తుంది. విలన్ నేర్చుకోకుంటే హీరోయిన్‌కు నేర్వాల్సిన పని మిగలదు. నాలుగోసారి యాదమ్మే ఆడబిడ్డ ముందు కాగితం పెట్టి, "నీ మంచికే, సంతకం పెట్టు" అంటుంది. ఆమెను కాపాడిన జాగ్రత్తే పెత్తనమైంది. ఐదోసారి కాగితం తానే పైకి చదివి వినిపిస్తుంది, ఆడబిడ్డ పెట్టనంటుంది, యాదమ్మ ఒప్పుకోవాలి.

సరిగ్గా నడుస్తోందో లేదో ఇట్లా చూడండి: 180వ ఎపిసోడ్ సీన్‌ను 40లో పెట్టి చదవండి. ఒక్క డైలాగూ మార్చకుండా అతికితే, నడుమ 140 ఎపిసోడ్లు కెమెరా అద్దె దండుగ.

"ఆడవాళ్లు అట్లనే మంచిగుంటేనే జనం చూస్తరు" అనే పెద్దమనుషులున్నారు. అయ్యా, మతిమరుపును మంచితనమని అమ్ముతున్నది మీరు. మా నల్లగొండ పల్లెలో మహిళా సంఘం మీటింగుకు వచ్చి కూర్చోండి. ఎవరి కిస్తీ ఏ నెల ఆగిందో పుస్తకం తెరవకుండా చెప్తరు. పాలమూరు నుంచి పుణెకు మట్టిపనికి పోయొచ్చినామెను అడగండి, గుంపు మేస్త్రీ ఎన్ని రోజుల కూలి ఎగబెట్టిండో ఇరవై ఏళ్లయినా లెక్క తప్పదు. ఆ లెక్క మీదే ఆమె బిడ్డ పెండ్లి చేసింది, మేస్త్రీని మార్చింది, తర్వాత ఎవరి అడ్వాన్సూ సాక్షి లేకుండా ముట్టలేదు. ఆమె బతుకంతా మలుపులే. ఆమె బొమ్మ గీస్తూ బుర్ర తీసేసి, బదులు పాలగ్లాసు పెట్టే హక్కు మీకెవరిచ్చారు?

నోటుబుక్కు రాయడం మొదలుపెడితే ఒక చిక్కుంది. కొత్త రచయిత వచ్చిన రోజున అది బీరువాలో ఉంటుంది, తాళం సెలవులో ఉన్న అసిస్టెంటు దగ్గరుంటుంది. కాబట్టి రెండు కాపీలు రాయించండి. రెండోది ఆయన చేతిలో పెట్టి, యాదమ్మ పేజీలో నాలుగో గడి పైకి చదివించిన తర్వాతనే పేమెంటు మాట్లాడండి.